భాగం 9: తొలి క్లయింట్ల కోసం షోరీల్, పోర్ట్‌ఫోలియో తయారీ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 షోరీల్ ఎవరు చూస్తారు?
9.3 ఫుటేజ్ సేకరణ, అనుమతులు
9.4 షోరీల్ కూర్పు: ఒక ఉదాహరణ
9.5 లోపాలను గుర్తించే పద్ధతి
9.6 మూడు వీడియోల పోర్ట్‌ఫోలియో
9.7 స్టూడియోను సంప్రదించడం, తొలి పని
9.8 సారాంశం
9.9 కీలక పదాలు
9.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి: సమాధానాలు
9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:

• షోరీల్‌లో కెమెరామన్ పనికీ ఎడిటర్ పనికీ గల తేడాను గుర్తించగలుగుతారు.
• ఒక పెళ్లి ఫుటేజ్ నుంచి 70 సెకండ్ల షోరీల్‌ను దశలవారీగా కూర్చగలుగుతారు.
• మూడు వీడియోలతో చిన్న పోర్ట్‌ఫోలియోను సిద్ధం చేయగలుగుతారు.
• తొలి పనికి పట్టే రోజులను లెక్కగట్టి, దాని ఆధారంగా ధర చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

గత భాగాలలో కట్, సింక్, రంగుల సవరణ, శబ్ద మిశ్రమం గురించి తెలుసుకున్నారు. ఆ పనులు మీకు వచ్చని బయటివారికి తెలియజేసే సాధనం షోరీల్. ఒక ఎడిటర్ చేసిన పని నుంచి ఎంచుకున్న భాగాలను ఒకటి, ఒకటిన్నర నిమిషాల నిడివిలో కూర్చిన వీడియోను షోరీల్ అంటారు. షోరీల్ నచ్చినవారు తరువాత అడిగే పూర్తి వీడియోల సమాహారమే పోర్ట్‌ఫోలియో.

యాడ్ ఫిల్ములు, యూట్యూబ్ చానెళ్లు, కోచింగ్ సంస్థల పాఠాలు, పెళ్లి వీడియోలు ఇలా ఎడిటర్‌కు పనిచ్చే రంగాలు అనేకం. ఒక్కో రంగానికి ఒక్కో రకం షోరీల్ కావాలి. ఈ భాగంలో పెళ్లి వీడియోలను మాత్రమే ఉదాహరణగా తీసుకుంటున్నాం. తెలుగు ప్రాంతాల్లో చిన్న పట్టణాల్లో సైతం ఫొటో స్టూడియోలు ఉన్నాయి. ముహూర్తాలు ఎక్కువగా ఉన్న నెలల్లో స్టూడియో యజమాని తీరికగా కూర్చుని ఎడిటింగ్ చేయలేడు. ఆ పనిని బయటి ఎడిటర్లకు ఇస్తాడు. కొత్తవారికి తొలి అవకాశం దొరికే చోట్లలో ఇది ఒకటి.

9.2 షోరీల్ ఎవరు చూస్తారు?

మన ఉదాహరణలో షోరీల్ చూసేది పెళ్లివారు కాదు, స్టూడియో యజమాని. ఈ తేడాను మొదటే గుర్తుంచుకోవాలి. పెళ్లివారు తమ ముఖాలు అందంగా ఉన్నాయా అని చూస్తారు. స్టూడియో యజమాని మనసులో ఉండే ప్రశ్నలు వేరు. మూడు కెమెరాల ఫుటేజ్ ఇస్తే ఈ వ్యక్తి సరిగా సింక్ చేయగలడా? ముహూర్త సమయంలోని అసలు క్షణాన్ని వదిలేయకుండా పట్టుకోగలడా? ఒక కెమెరా పసుపుగా, మరొకటి పచ్చగా వస్తే రెండింటినీ కలపగలడా? చెప్పిన రోజుకు ఇస్తాడా?

కొత్త ఎడిటర్ల షోరీల్స్ చాలావరకు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవు. ఒక హుషారైన సినిమా పాట పెట్టి, ప్రతి దరువుకూ ఒక స్లో మోషన్ షాట్ మార్చుకుంటూ పోతారు. అలాంటి రీల్‌లో డ్రోన్ షాట్ బాగుంటుంది, పెళ్లికూతురు నవ్వు బాగుంటుంది. కానీ ఆ రెండూ కెమెరామన్ ప్రతిభ. ఏ షాట్ తరువాత ఏది రావాలి, ఎంతసేపు నిలవాలి, శబ్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయాలు ఎడిటర్‌వి. ఒక షాట్‌కూ తరువాతి షాట్‌కూ సంబంధం లేకుండా సాగే రీల్‌లో ఆ నిర్ణయాలు కనిపించే వీలు లేదు.

అందువల్ల పెళ్లి షోరీల్‌లో కనీసం ఒక ఘట్టాన్ని 15 నుంచి 20 సెకండ్ల పాటు, అక్కడ రికార్డయిన శబ్దంతోనే, ముక్కలు కాకుండా చూపాలి. ఈ భాగంలోని ముఖ్య సూత్రం ఇదే.

9.3 ఫుటేజ్ సేకరణ, అనుమతులు

ఇంకా క్లయింట్లు లేని వ్యక్తికి ఫుటేజ్ ఎక్కడి నుంచి వస్తుంది? అందరికీ అందుబాటులో ఉండే మార్గం బంధువుల పెళ్లి. పెళ్లి తీసిన స్టూడియో దగ్గర రషెస్, అంటే ఎడిట్ చేయని అసలు ఫైళ్లు, కొంతకాలం ఉంటాయి. డిస్కు తీసుకువెళ్లి అడిగితే కాపీ ఇచ్చేవారు ఉంటారు. ముందే పరిమాణం లెక్కగట్టుకోండి. కెమెరా సెకండుకు 50 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంట ఫుటేజ్‌కు సుమారు 22.5 జీబీ అవుతుంది. అయిదు గంటల రషెస్‌కు 112 జీబీ పైనే కావాలి. 64 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకువెళితే పని జరగదు.

ఇద్దరి అనుమతి అవసరం. మొదటిది పెళ్లివారిది. భారత కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు చెల్లించి తీయించుకున్న ఫొటోలు, వీడియోలకు వేరే ఒప్పందం లేనప్పుడు తీయించుకున్నవారే తొలి హక్కుదారులు. ఇంకా, అది ఒక కుటుంబపు సొంత వేడుక. ఫలానా దృశ్యాలను షోరీల్‌లో వాడుకుంటానని చెప్పి, వారి అంగీకారాన్ని వాట్సాప్ సందేశం రూపంలోనైనా రాతలో తీసుకోండి. రెండోది చిత్రీకరించిన స్టూడియోది. వారితో ఒప్పందం ఎలా ఉన్నా, ఈ అనుమతి వృత్తి మర్యాద.

పాటల విషయం వేరు. మతపరమైన వేడుకల్లో, పెళ్లి ఊరేగింపులో పాట వినిపించడానికి చట్టంలో మినహాయింపు ఉంది. అది వేడుక జరిగే సమయానికే వర్తిస్తుంది. అదే పాటను మీ షోరీల్‌లో కలిపి ఇంటర్నెట్‌లో పెట్టడానికి వర్తించదు. పైగా యూట్యూబ్‌లోని గుర్తింపు వ్యవస్థ సినిమా పాటను పసిగట్టి వీడియోను ఆపివేయవచ్చు. స్టూడియో యజమాని లింక్ నొక్కినప్పుడు వీడియో రాకపోతే మీరు పడిన శ్రమంతా వృథా. మండపంలో రికార్డయిన సన్నాయి మేళం, యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోని వాద్య సంగీతం మన అవసరానికి సరిపోతాయి. మేళం వారు సినిమా పాట వాయించిన భాగాన్ని మాత్రం వాడకండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1

అ) దరువుకు తగ్గట్టు షాట్లు మార్చిన రీల్ స్టూడియో యజమానికి ఎందుకు సరిపోదు?
ఆ) షోరీల్‌కు ఎవరెవరి అనుమతి తీసుకోవాలి?

9.4 షోరీల్ కూర్పు: ఒక ఉదాహరణ

హనుమకొండలో ఉండే ఒక విద్యార్థిని తన పిన్ని కూతురి పెళ్లి రషెస్ తెచ్చుకుందని అనుకుందాం. మొత్తం అయిదు గంటలు, మూడు కెమెరాలు. 'ఎ' కెమెరా స్టాండు మీద నిలిచి మండపమంతా తీసింది. 'బి' కెమెరా వధూవరులకు దగ్గరగా ఉంది. 'సి' కెమెరా బంధువుల మధ్య తిరిగింది. ఆమె తన 70 సెకండ్లను ఇలా పంచుకుంది.

0–10 సెకండ్లు: పందిరి, గోరింటాకు చేతులు, మేళం సర్దుకోవడం. మండపంలోని సహజ శబ్దం.
10–30 సెకండ్లు: జీలకర్ర బెల్లం ఘట్టం. పూర్తిగా అక్కడి శబ్దమే.
30–45 సెకండ్లు: తలంబ్రాలు. వేగం పెరుగుతుంది, వాద్య సంగీతం చేరుతుంది.
45–60 సెకండ్లు: అప్పగింతలు. సంగీతం తగ్గుతుంది, రెండే షాట్లు.
60–65 సెకండ్లు: రంగుల సవరణకు ముందు, తరువాత.
65–70 సెకండ్లు: పేరు, ఫోన్ నంబరు, ఎవరు ఏ పని చేశారో తెలిపే అక్షరాలు.

మొదట్లో తిరిగే లోగో లేదు. చూసేవారికి తొలి సెకండ్లలోనే పెళ్లి వాతావరణం కనిపించాలి, వినిపించాలి.

9.4.1 సింక్

జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో గట్టిమేళం మోగుతుంది. డోలు మీద పడిన మొదటి దెబ్బ మూడు కెమెరాల ఆడియోలోనూ నిట్టనిలువు గీతలా కనిపిస్తుంది. సింక్‌కు ఇంతకంటే మంచి గుర్తు ఉండదు. ఆ గీతలను ఒకే చోటికి చేర్చితే మూడు కెమెరాలూ కలుస్తాయి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను సింక్ చేసినా ఈ దెబ్బ దగ్గర ఆపి సరిచూసుకోవాలి. ఎక్కువసేపు నడిచిన రికార్డింగులు నెమ్మదిగా తప్పుకొంటాయి కాబట్టి ఘట్టం చివర కూడా మరోసారి చూడాలి. సెకండుకు 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో ఒక ఫ్రేము అంటే 40 మిల్లీసెకండ్లు. మూడు, నాలుగు ఫ్రేములు తప్పితే డోలు మీద చెయ్యి ముందు పడి శబ్దం తరువాత వచ్చినట్లు మామూలు ప్రేక్షకుడికి కూడా తెలుస్తుంది.

9.4.2 ఇరవై సెకండ్ల ఘట్టం

ఆ విద్యార్థిని ఈ ఘట్టాన్ని ఏడు షాట్లతో కూర్చింది.

1. 'ఎ': వధూవరుల మధ్య అడ్డుతెర, పురోహితుడి మంత్రం – 3 సెకండ్లు
2. 'సి': పెళ్లికూతురి తల్లి ముఖం – 2 సెకండ్లు
3. 'బి': తమలపాకులో జీలకర్ర బెల్లం, చెయ్యి పైకి లేవడం – 3 సెకండ్లు
4. 'బి': చెయ్యి తల మీద ఆనడం, గట్టిమేళం మొదలు – 4 సెకండ్లు
5. 'ఎ': తెర తొలగడం, అక్షింతలు పడటం – 3 సెకండ్లు
6. 'సి': అక్షింతలు వేస్తున్న నాయనమ్మ – 2 సెకండ్లు
7. 'బి': ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం – 3 సెకండ్లు

ఇక్కడ గమనించవలసిన నిర్ణయాలు రెండు. మొదటిది నాలుగో షాట్. గట్టిమేళం మొదలవగానే ఆ హుషారుకు బంధువుల మీదికి కట్ చేయాలనిపిస్తుంది. ఆమె మొదటి ప్రయత్నంలో అలాగే చేసింది. తిరిగి చూసుకుంటే చెయ్యి తల మీద ఆనిన క్షణమే కనిపించలేదు. పెళ్లి వీడియోలో అది తిరిగి తీయడానికి వీలులేని క్షణం. అందుకే ఆ షాట్‌ను నాలుగు సెకండ్లు నిలిపి, బంధువులను తరువాతకు జరిపింది.

రెండోది శబ్దం. ఏడు షాట్లు ఉన్నా శబ్దం మొత్తం 'ఎ' కెమెరా నుంచే వస్తుంది. ప్రతి షాట్‌కూ దాని సొంత శబ్దం ఉంచితే, మేళానికి దగ్గరగా ఉన్న కెమెరాకు కట్ అయినప్పుడల్లా డోలు ఒక్కసారిగా మీద పడినట్లు వినిపిస్తుంది. 'బి' కెమెరా నుంచి మంత్రం వినిపించే మొదటి కొన్ని సెకండ్లను మాత్రం సన్నగా కింద కలిపింది. గట్టిమేళం మొదలైన చోట మీటరు 0 డెసిబెల్‌ను తాకితే శబ్దం పగులుతుంది కాబట్టి అక్కడ స్థాయిని తగ్గించింది.

9.4.3 వేగం, రంగు

తలంబ్రాలను 'బి' కెమెరా సెకండుకు 50 ఫ్రేములతో తీసింది. 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో దానిని సగం వేగానికి తగ్గిస్తే స్లో మోషన్ నునుపుగా వస్తుంది. 25 ఫ్రేములతో తీసిన షాట్‌ను అలా తగ్గిస్తే ప్రతి ఫ్రేమూ రెండుసార్లు కనిపించి కదలిక కుదుపుగా ఉంటుంది. అందువల్ల స్లో మోషన్‌కు ముందు ఫైలు వివరాల్లో ఫ్రేమ్ రేటు చూడాలి.

రంగు కలపడానికి ఒకే తెల్లని వస్తువు రెండు కెమెరాల్లోనూ ఉన్న షాట్లను పక్కపక్కన పెట్టుకోవాలి. పురోహితుడి తెల్ల పంచె ఇందుకు పనికొస్తుంది. మధుపర్కాలను పసుపు నీటిలో ముంచి ఉంటే అవి కొలమానం కావు. పెళ్లికూతురి ముఖాన్ని కూడా కొలమానంగా తీసుకోకూడదు. పసుపు రాసిన చర్మాన్ని 'సహజం' చేయబోయి నీలం పెంచితే పక్కనున్నవారంతా పాలిపోతారు. ముందు పంచెలోని తెలుపు కలవాలి, తరువాత బంధువుల ముఖాలను సరిచూడాలి. 60–65 సెకండ్ల మధ్య 'ఎ', 'సి' కెమెరాల షాట్లను సవరణకు ముందు, తరువాత చూపడం వల్ల ఈ పని మీదేనని యజమానికి మాటల అవసరం లేకుండా అర్థమవుతుంది.

9.5 లోపాలను గుర్తించే పద్ధతి

షోరీల్ పూర్తయిన తరువాత రెండు రోజులు పక్కన పెట్టండి. తరువాత ఈ మూడు పరీక్షలు చేయండి.

మొదటిది, శబ్దం పూర్తిగా తీసేసి చూడడం. పాట లేకుండా కూడా జీలకర్ర బెల్లం ఘట్టం అర్థం కావాలి. అర్థం కాకపోతే షాట్ల వరుసలోని లోపాన్ని సంగీతం కప్పుతోందన్నమాట.

రెండోది, ఫోన్‌లో, స్పీకరు మీద వినడం. స్టూడియో యజమాని అలాగే చూసే అవకాశం ఎక్కువ. హెడ్‌ఫోన్లలో స్పష్టంగా ఉన్న మంత్రం ఫోన్ స్పీకరులో మేళం కింద మునిగిపోవచ్చు.

మూడోది, ఆ కుటుంబంతో పరిచయం లేని ఒకరికి చూపడం. చూసిన వెంటనే వారు అడిగే మొదటి ప్రశ్నను రాసుకోండి. "ఏ కెమెరాతో తీశారు?" అని అడిగితే రీల్ ఇంకా కెమెరామన్ పనినే చూపుతోంది. "తరువాత ఏమైంది?" అనో, "ఇది చేయడానికి ఎన్ని రోజులు పట్టింది?" అనో అడిగితే మీ పని కనిపించిందని తెలుసుకోవచ్చు.

బాగాలేని షాట్‌ను బాగున్న షాట్ల మధ్య దాచవచ్చని అనుకోకండి. చూసేవారికి రీల్‌లోని బలహీనమైన షాటే గుర్తుండిపోతుంది. 70 సెకండ్లకు సరిపడా మంచి భాగాలు లేకపోతే 45 సెకండ్లతో ఆపండి.

9.6 మూడు వీడియోల పోర్ట్‌ఫోలియో

షోరీల్ నచ్చిన యజమాని "పూర్తి వీడియో ఏదైనా ఉందా?" అని అడుగుతాడు. ఆ రోజు నుంచి తయారీ మొదలుపెడితే ఆలస్యమవుతుంది. స్టూడియోలు పెళ్లివారికి ఇచ్చే వాటికి సరిపోలేలా మూడు వీడియోలు ముందే ఉండాలి: ఒక నిమిషం టీజర్, నాలుగైదు నిమిషాల హైలైట్స్, పది నిమిషాల ట్రెడిషనల్ వీడియో భాగం.

మూడోదాన్ని కొత్తవారు తరచుగా వదిలేస్తారు. చూడడానికి అది సాదాగా ఉంటుంది. అయితే ఆడపడుచు వరస తప్పకుండా, పెద్దలెవరినీ వదలకుండా, తంతులన్నీ క్రమంలో చూపే పూర్తి వీడియోను పెళ్లివారు కోరుతారు. ఎక్కువ గంటలు పట్టేది ఆ పనికే. అది చేయగలమని రుజువు చూపేవారికి పిలుపు త్వరగా వస్తుంది. మాంగళ్యధారణ నుంచి తలంబ్రాల వరకు పది నిమిషాలు సరిపోతుంది.

ప్రతి వీడియో కింద అయిదు వాక్యాలకు మించని వివరణ ఉండాలి. మన ఉదాహరణలోని హైలైట్స్ కింద ఇలా రాయవచ్చు: "రషెస్ 5 గంటలు, 3 కెమెరాలు. నిడివి 4 నిమిషాల 20 సెకండ్లు. ఎడిటింగ్, రంగు, శబ్దం నేను చేశాను. చిత్రీకరణ నాది కాదు. పట్టిన సమయం 5 రోజులు." చేయని పనిని చేసినట్లు రాయకూడదు. ఒకే జిల్లాలోని ఫొటోగ్రాఫర్లు ఒకరినొకరు ఎరుగుదురు. ఎవరి ఫుటేజో గుర్తుపట్టడానికి వారికి ఎంతోసేపు పట్టదు. ఒకసారి అబద్ధమని తేలితే ఆ ఊళ్లో రెండో పని దొరకడం కష్టం.

వీడియోలను యూట్యూబ్‌లో Unlisted గా పెట్టండి. అప్పుడు లింక్ ఉన్నవారికి తప్ప వెతికేవారికి కనిపించవు. పెళ్లివారి గోప్యతకు ఇది మంచిది. అయితే లింక్ అందుకున్నవారు దాన్ని ఇంకొకరికి పంపగలరని పెళ్లివారికి ముందే చెప్పాలి. వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గి, మీరు కష్టపడి కలిపిన రంగులు మసకబారతాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2

అ) ఇరవై సెకండ్ల ఘట్టానికి శబ్దాన్ని ఒకే కెమెరా నుంచి ఎందుకు తీసుకోవాలి?
ఆ) పోర్ట్‌ఫోలియోలో ట్రెడిషనల్ వీడియో భాగం ఎందుకు అవసరం?

9.7 స్టూడియోను సంప్రదించడం, తొలి పని

సమయం ముఖ్యం. ముహూర్తాలు వరుసగా ఉన్న వారంలో యజమాని ఫోన్ ఎత్తడు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. వైశాఖ, జ్యేష్ఠాల పెళ్లిళ్ల వీడియోలు మిగిలిపోయి, పెళ్లివారు అడుగుతూ ఉండే సమయం అది. యజమానికి రీల్ చూసే తీరిక, ఇవ్వడానికి పని రెండూ అప్పుడు ఉంటాయి.

అందరికీ ఒకే సందేశం పంపకుండా, పది స్టూడియోలను ఎంచుకుని వారి వీడియోలు చూసి రాయండి. ఉదాహరణకు:

"నమస్కారమండీ. నేను హనుమకొండలో ఉంటాను, పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. మీ పేజీలో గత నెల పెట్టిన టీజర్ చూశాను, అప్పగింతల షాట్లు బాగున్నాయి. నా షోరీల్ లింక్ కింద ఇస్తున్నాను, 70 సెకండ్లు. 10వ సెకండు నుంచి జీలకర్ర బెల్లం ఘట్టం చూడగలరు. మూడు కెమెరాల ఫుటేజ్‌తో నాలుగు నిమిషాల హైలైట్స్ అయిదు రోజుల్లో ఇవ్వగలను. మీకు వీలైన సమయం చెబితే స్టూడియోకు వచ్చి కలుస్తాను."

ధర చెప్పే ముందు రోజులు లెక్కించాలి. హైలైట్స్‌కు రషెస్ చూసి వేరుచేయడం ఒక రోజు, తొలి కూర్పు ఒకటిన్నర రోజు, తుది కూర్పు అర రోజు, రంగు, శబ్దం ఒక రోజు, మార్పులకు ఒక రోజు. మొత్తం అయిదు రోజులు. మీ రోజు విలువ 800 రూపాయలని అనుకుంటే ధర 4,000 రూపాయలు. మార్పుల రోజును కలపనివారు 3,200 చెప్పి, చివరి రోజంతా డబ్బు రాకుండా పనిచేస్తారు.

పని మొదలుపెట్టే ముందు నాలుగు విషయాలు సందేశంలో రాసుకోవాలి: నిడివి, ఇచ్చే తేదీ, రెండుసార్లు మాత్రమే మార్పులు, సగం డబ్బు ముందుగా. నమూనా కోసం ఉచితంగా చేయమని అడిగితే వారి ఫుటేజ్‌లోని ఒకే ఘట్టాన్ని, నిమిషానికి మించకుండా చేసి చూపవచ్చు. పూర్తి పెళ్లిని నమూనాగా చేయమంటే అది నమూనా కాదు, పనే. ఆ మాట మర్యాదగా చెప్పి ధర తెలపాలి.

తొలి పని ముగిశాక స్టూడియో, పెళ్లివారు అంగీకరిస్తే ఆ వీడియోలోని మంచి ఘట్టంతో షోరీల్‌లోని బలహీనమైన భాగాన్ని మార్చండి. నిడివి పెంచకండి.

9.8 సారాంశం

షోరీల్‌ను ఎవరు చూస్తారో నిర్ణయించుకున్న తరువాతే కూర్పు మొదలుపెట్టాలి. పెళ్లి ఎడిటింగ్‌లో చూసేది స్టూడియో యజమాని కాబట్టి సింక్, క్షణాన్ని పట్టుకోవడం, శబ్దపు కొనసాగింపు, రంగుల కలయిక కనిపించాలి. ఒక ఘట్టాన్ని అక్కడి శబ్దంతో 15–20 సెకండ్లు ఏకధాటిగా చూపితే ఇవన్నీ బయటపడతాయి. దానికి తోడు టీజర్, హైలైట్స్, ట్రెడిషనల్ భాగం కలిగిన చిన్న పోర్ట్‌ఫోలియో, చేసిన పని గురించి నిజాయితీ గల వివరణ ఉండాలి. మార్పుల సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ధర చెప్పాలి.

9.9 కీలక పదాలు

రషెస్: ఎడిట్ చేయని అసలు ఫుటేజ్.
సింక్: వేర్వేరు కెమెరాల చిత్రాన్ని, శబ్దాన్ని ఒకే క్షణానికి కలపడం.
ఫ్రేమ్ రేటు: ఒక సెకండులో నమోదయ్యే ఫ్రేముల సంఖ్య.
ట్రెడిషనల్ వీడియో: తంతులన్నింటినీ జరిగిన క్రమంలో చూపే నిడివైన పెళ్లి వీడియో.

9.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి: సమాధానాలు

1. అ) అందులో షాట్ల అందం, అంటే కెమెరామన్ పని మాత్రమే కనిపిస్తుంది, ఎడిటర్ నిర్ణయాలు కనిపించవు. ఆ) పెళ్లివారి అనుమతి, చిత్రీకరించిన స్టూడియో అనుమతి.
2. అ) కట్ జరిగినప్పుడల్లా శబ్దం స్థాయి ఎగుడుదిగుడు కాకుండా ఉండడానికి. ఆ) స్టూడియోలో ఎక్కువ గంటలు పట్టే పని అదే కాబట్టి, దానికి రుజువు చూపడానికి.

9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. పెళ్లి షోరీల్‌లో ఒక ఘట్టాన్ని కూర్చే విధానాన్ని సింక్, షాట్ల వరుస, శబ్దం ఆధారంగా వివరించండి.
2. కొత్త ఎడిటర్ పోర్ట్‌ఫోలియోలో ఉండవలసిన వీడియోలను, వాటి వివరణలు రాసే పద్ధతిని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. షోరీల్‌లోని లోపాలను గుర్తించే మూడు పరీక్షలు ఏవి?
2. రంగులు కలపడానికి పెళ్లికూతురి ముఖాన్ని ఎందుకు కొలమానంగా తీసుకోకూడదు?

III. అభ్యాసం
మీ ఇంట్లో లేదా ఊళ్లో జరిగిన ఒక వేడుక ఫుటేజ్‌ను అనుమతితో తీసుకుని, అందులోని ఒక ఘట్టాన్ని ఏడు షాట్లతో 20 సెకండ్లలో కూర్చండి. ప్రతి షాట్ ఎందుకు అక్కడ ఉందో ఒక్కో వాక్యంలో రాయండి.